మా వదిన కొలతకు గోడ కమోడ్

మా బావగారు అరకులో మూడంతస్తుల ఇల్లు లేపి దానికి అపార్ట్‌మెంట్ అని పేరు పెట్టుకున్న కొత్తల్లో, ఆ మాట నలుగురిలో అనడమంటే ఆయనకు భలే సరదా. బస్టాండు దగ్గర ఎవరైనా "ఇప్పుడెక్కడుంటన్నారు?" అని అడిగితే చాలు, "అపార్ట్‌మెంట్‌లో" అనేవారు, అదేదో వేరే ఊరయినట్టు. కింది అంతస్తు ఆయన కుటుంబానికి, మధ్యది మాకు, పైది అద్దెకు. స్థలం మా మామగారిది, కష్టం అన్నదమ్ములిద్దరిదీ, ప్లాను మాత్రం పూర్తిగా బావగారిది. ఇంజినీరును గుమ్మం తొక్కనివ్వలేదు. హాలు పెద్దగా ఉండాలి, టీవీకి ఎదురుగా ఇరవై మంది కూర్చోవాలి అన్నది ఆయన పట్టుదల. అందుకోసం ఏ గదిలో ఏ మూల దొరికితే ఆ మూల కోసి హాల్లో కలిపేశారు. అలా కోతలు పడగా పడగా మా బాత్రూముకు నాలుగడుగుల వెడల్పు, అయిదడుగుల పొడవు మిగిలాయి. స్నానమూ అందులోనే, తక్కినదీ అందులోనే.

నేను బడిపంతులమ్మను. చిన్న మనిషిని, ఎలాగోలా సర్దుకుపోతాను. మా ఆయనా సన్నమే. చిక్కంతా మా వదినతో వచ్చింది.

వదిన అంటే మా ఆయనకూ బావగారికీ అప్ప, అంటే అక్క. ఉద్యోగమంతా ముంచింగిపుట్టు, పెదబయలు కొండల్లో నర్సుగా పురుళ్ళు పోస్తూ గడిపింది. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముళ్ళిద్దరినీ చదివించింది, తిట్టింది, నిలబెట్టింది. మనిషి నిలువెత్తు, ఎత్తుకు తగ్గ లావు, లావుకు మించిన గొంతు. ఆవిడ గుమ్మంలోకి వస్తుంటే నొప్పులు పడుతున్న ఆడవాళ్ళు భయపడి బేగి కనేసేవారని మా ఏజెన్సీలో చెప్పుకునేవారు. ఆ కొండలన్నీ ఎక్కి దిగిన ఫలితం మోకాళ్ళ మీద పడింది. రిటైరయ్యి మా దగ్గరికి వచ్చేసరికి కర్ర లేకుండా నడవలేదు, కింద కూర్చుంటే లేవలేదు.

అప్పుడు మేముంటున్న అద్దె వాటాలో నేల మీద కూర్చునే దొడ్డి ఉండేది. కూర్చోవడం ఎలాగో కూర్చునేది, లేవాలంటే మాత్రం కేక వేసేది. నేనూ మా ఆయనా చెరో పక్కా చేరి, ముఖాలు గోడకేసి తిప్పుకుని, రెండు రెక్కలూ పట్టుకుని లేపేవాళ్ళం. తలుపుకు గడియ పెట్టుకోవడానికి లేదు, పెట్టుకుంటే మేము వెళ్ళేదెలా? ఎన్ని ఇళ్ళలో పురిటి మంచానికి అడ్డంగా చీరలు కట్టించి మగాళ్ళను తరిమికొట్టిన మనిషో! ఆవిడకిది ఎంత కష్టంగా ఉందో, మాతో లేపించుకోవడం ఇష్టంలేక పగలంతా గుక్కెడు నీళ్ళతో ఎలా సరిపెట్టేదో నాకు తెలుసు. ఆవిడ మాత్రం ఏడవలేదు, అల్టిమేటం ఇచ్చింది.

"కొత్తింట్లో నాను గడియెట్టుకునే గది ఒకటుండాల. నేదంటే ముంచింగిపుట్టులో నా తోటి నర్సమ్మ కాడికెల్లిపోతాను. ఆ పిల్ల క్వార్టర్సులో కుర్సీ లెట్రిన్ ఉంది" అంది.

అన్నంత పనీ చేసే మనిషి. అప్పుడే బట్టల పెట్టెకు తాళం కూడా వేసింది.

కుర్చీ లెట్రిన్ అంటే కమోడ్ అనీ, అది పెట్టించడం ఏమంత పని అనీ బావగారు ధీమాగా ఉన్నారు. శ్లాబు వేసేటప్పుడే ముందుచూపుతో నేలలో కన్నం వదిలేశానని మురిసిపోయారు. ప్లంబరు వచ్చి టేపు పెట్టి చూశాక ఆ మురిపెం కాస్త తగ్గింది.

ఆ ప్లంబరుది డుంబ్రిగూడ పక్క పల్లె. విశాఖలో పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లలో పనిచేసి చేయి తిరిగినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. ఆ చేయి తిరిగిన సంగతి ప్రతి పది నిమిషాలకోసారి మనకు గుర్తు చేస్తుంటాడు. వదిన ముందు మాత్రం ఆ దర్జా పనిచేసేది కాదు. అతనికి పురుడు పోసింది ఆవిడే. అదీ మామూలు కాన్పు కాదు, కాళ్ళు ముందొచ్చాయి. "కాళ్ళు ముందొచ్చినోడు ఇప్పుడు నాకు తలుపులు, గోడలు సెప్పొచ్చాడు" అని ఆవిడ అందరి ముందూ అంటుంటే అతని చెవులు ఎర్రబడేవి.

"కన్నం గోడకి శానా దూరంగా వదిలేసారండి బావుగారూ. నేల మీద పెట్టే కమోడ్ గొట్టం జానెడున్నర దూరంలో దిగాల. ఇది అంతకి నాలుగు వేళ్ళు ముందుకొచ్చేసింది. కమోడ్ దాని మీదే కూకోవాల కాబట్టి, అదీ ముందుకొచ్చేత్తాది. ఎనకాల సందు, ముందు ఇరుకు" అన్నాడు ప్లంబరు.

"ముందుకొస్తే ఏమైందిరా, నాలుగు వేళ్ళే కదా?" అన్నారు బావగారు.

నాలుగు వేళ్ళకు ఏమవుతుందో చూపించడానికి నేను బడి నుంచి తెచ్చిన సుద్దముక్క తీశాను. ప్లంబరు చెప్పిన కొలతలతో బాత్రూము నేల మీద కమోడ్ బొమ్మ గీశాను, ట్యాంకుతో సహా. ఆ బొమ్మ మీద ప్లాస్టిక్ కుర్చీ వేశాం. తలుపు లోపలికి తెరుచుకుంటుంది. బయటికి మారుద్దామంటే వంటింటి గట్టుకు కొట్టుకుంటుంది. వదినను లోపలికి రమ్మన్నాం. ఆవిడ కర్రతో సహా వచ్చి నిలబడింది. తలుపు మూయబోతే రెక్క వచ్చి ఆవిడ నడుముకు ఆనింది. పక్కకు జరగమంటే గోడ. వెనక్కి జరగమంటే కుర్చీ. కూర్చోమంటే, "కూకున్నాక తలుపేసీదెవుడు? నువ్వా?" అని మా ఆయన్ను నిలదీసింది.

అప్పుడు ప్లంబరు ఛాతీ విరుచుకుని గోడ కమోడ్ సంగతి ఎత్తాడు. దానికి నేలతో పనే లేదట. గోడలో ఇనుప చట్రం బిగిస్తారు. ట్యాంకు ఆ చట్రంలోనే, గోడ లోపల దాక్కుంటుంది. బయటికి కనిపించేవి పింగాణీ గిన్నె ఒకటి, నీళ్ళు వదలడానికి నొక్కే పలక ఒకటి. మురుగు గొట్టం గోడలోంచే బయటికి పోయి సన్‌సైడు పక్కనున్న పెద్ద పైపులో కలుస్తుంది. నేలంతా ఖాళీ. గిన్నె కిందనుంచి కూడా కడుక్కోవచ్చు, బకెట్టూ పీటా దాని కిందికి తోసుకోవచ్చు. ఇన్ని సుఖాలు ఒక్క ఊపిరిలో చెప్పాడు. వింటుంటే నాకే దాని మీద మనసైపోయింది.

గీసి చూద్దాం అన్నాను. అతను చెప్పాడు, నేను గీశాను. ముందు గోడకు అడ్డంగా అరడుగు మందాన ఇంకో చిన్న గోడ కట్టి దానిలో ట్యాంకు దాచాలన్నాడు. సరే, అది గీసి, దాని ముందు గిన్నె గీస్తే, వచ్చి వచ్చి పాత కమోడ్ గీత దగ్గరికే వచ్చి ఆగింది. రెండు అంగుళాలు కూడా మిగల్లేదు.

"మరి దీనికా ఇంత కత సెప్పావు?" అంది వదిన.

ప్లంబరు తల గోక్కున్నాడు. విశాఖలో బాత్రూములు పెద్దవి కాబట్టి అక్కడ ఆ చిన్న గోడ ఎవరికీ లెక్కలోకి రాలేదట. చోటు నిజంగా కలిసిరావాలంటే ఉన్న గోడనే తొలిచి ట్యాంకును అందులోకి దింపాలి. లోపలి గోడలు సగం ఇటుక మందం, వాటిలో దిగదు. వెనక గోడ మాత్రం బయటి గోడ, నిండు ఇటుక మందం. దాన్ని సగం దాకా తొలవొచ్చు.

ఈ మాటకు బావగారు అపార్ట్‌మెంటంతా కూలిపోతున్నట్టు లేచారు. "నా గోడ తొలుస్తారా? అరకు వాన ఎటు కొడుతుందో తెలుసా మీకు? ఆ పక్కే! సగం గోడ మిగిలితే నీళ్ళు లోపలికి రావా?" ఆ మాటలో నిజం ఉంది. మా ఊళ్ళో వాన పైనుంచి పడదు, పక్కనుంచి వస్తుంది. బరువు మోసేది స్తంభాలే, ఇటుకలు కావు కాబట్టి కూలడమన్నది ఉండదనీ, బయటివైపు నీళ్ళు పట్టని మందు కలిపి ఇంకో పూత వేయిస్తాననీ ప్లంబరు ఒట్టు పెట్టుకున్నాడు. నేను మళ్ళీ గీశాను. ఈసారి గిన్నె దాదాపు అరడుగు వెనక్కి పోయింది. కుర్చీ జరిపాం. వదిన వచ్చి నిలబడింది. తలుపు ఆవిడ పక్కనుంచి, కొంగుకు తగిలీ తగలకుండా, మూతపడింది. ఆవిడ తలుపు వెనక కాసేపు అలాగే నిలబడిపోయింది.

బయటికి వచ్చాక అసలు ప్రశ్న అడిగింది. "గాల్లో ఏలాడీదాని మీద నాను కూకుంటే, ఊడి పడిపోదేటి?"

"నాలుగు వందల కేజీలు మోత్తాదండి నర్సమ్మగోరూ. కంపెనీ కాయితంలో ఏసున్నాది" అన్నాడు ప్లంబరు.

"కాయితం మీద కూకుంటానేటి నాను?"

అందుకని విశాఖ ప్రయాణం పెట్టుకున్నాం, కమోడ్‌ను కళ్ళతో చూడ్డానికి. రైల్లో దొడ్డికి పోవడం తనవల్ల కాదని వదిన ముందురోజు సాయంత్రం నుంచే మంచినీళ్ళు మానేసింది. సొరంగాలు వచ్చినప్పుడల్లా రైల్లో పిల్లలు కేకలు వేస్తుంటే, ఈవిడ దాహంతో కళ్ళు మూసుకుని కూర్చుంది. నాకు బాధేసింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియదు కాబట్టి బావగారి హాలు మీద తెచ్చుకున్నాను.

విశాఖలో ఆ షాపు అద్దాల మేడ. గోడ నిండా కమోడ్లు, వరసగా, పెళ్ళిచూపులకు కూర్చోబెట్టినట్టు. మెడలో టై కట్టుకున్న అబ్బాయి వచ్చి, "కూర్చోవచ్చా?" అన్న వదిన ప్రశ్నకు కంగారు పడిపోయాడు.

"అమ్మా, అవి చూపించడానికే. ప్లైవుడ్డుకి తగిలించామంతే."

"సూపించడానికి కమోడ్ ఏటి బాబూ? అదేటి పెళ్ళికూతురా?"

ఆ అబ్బాయి ప్లంబరు వంక చూశాడు. ప్లంబరు సీలింగు వంక చూశాడు. చివరికి ఆ అబ్బాయే నోరు జారాడు. పైన యజమాని గారి గదిలో ఒకటి నిజంగా చట్రంతో బిగించి ఉందన్నాడు. ఆ మాట వినడమే తరువాయి, వదిన మెట్లకేసి కర్ర తిప్పింది. యజమాని భోజనానికి ఇంటికి వెళ్ళాడు. గది చల్లగా ఉంది, లోపల బాత్రూము మా హాలంత ఉంది. గోడకు తెల్లగా, నేలకు జానెడున్నర ఎత్తున, ఆసరా లేకుండా నిలబడి ఉంది ఆ గిన్నె.

వదిన కూర్చోలేదు. అంత తొందరపడే మనిషి కాదు. షాపులోంచి ఒక చెక్క తెప్పించి గిన్నె మీద అడ్డంగా పరిపించింది. "ఎక్కు" అంది మా ఆయన్ని. ఎక్కాడు. "నువ్వూ ఎక్కు" అంది ప్లంబర్ని. ఎక్కాడు. గిన్నె కదల్లేదు. ఇద్దరి బరువూ కలిపినా తనంత ఉండదని ఆవిడకు తెలుసు. టై కట్టుకున్న అబ్బాయి వైపు తిరిగింది. వాడు నిజంగానే పారిపోదామనుకున్నాడు గానీ గుమ్మంలో నేనున్నాను. ముగ్గురూ ఒకరి నడుము ఒకరు పట్టుకుని కమోడ్ మీద నిలబడి, ఊగిపోకుండా ఊపిరి బిగబట్టి ఉండగా, భోజనం చేసి యజమాని వచ్చాడు.

ఆయన కాసేపు అందరినీ చూశాడు. వదిన తొణకలేదు.

"బాగుందండి. మాకూ ఇలాటిదే ఇవ్వండి" అంది.

ఆ మహానుభావుడు నవ్వాడు. మాకు టీ కూడా ఇప్పించాడు. వదిన మాత్రం టీ తాగలేదు, తిరుగు రైలుంది.

ఇక ఎత్తు. నేల కమోడ్ అయితే కంపెనీ వాడు చేసిన ఎత్తే మన ఎత్తు. గోడ కమోడ్‌కు చట్రం ఎంత ఎత్తున బిగిస్తే గిన్నె అంత ఎత్తున కూర్చుంటుంది. కానీ ఒకసారి చట్రం బిగించి గోడకు టైల్సు పలకలు అంటించాక మార్చడానికి లేదు. వదిన ఇంట్లో కూర్చోదగ్గ ప్రతి వస్తువు మీదా కూర్చుని లేచింది. కుర్చీ, మంచం, బియ్యం డబ్బా, నా హార్మోనియం పెట్టె కూడా. చివరికి ఉద్యోగమంతా తనతో ఊరూరా తిరిగిన తన ఇనుప పెట్టె మీద నుంచి కర్ర పట్టుకోకుండా లేచింది. ప్లంబరు ఆ పెట్టె ఎత్తు కొలిచి, సీటు మందం తీసేసి, అదే ఖాయం చేశాడు. నేను కూడా ఒకసారి ఆ పెట్టె మీద కూర్చుని చూశాను. నా పాదాలు నేలకు ఆనలేదు. "నీకు పీటేయిత్తానులే గుంటా" అంది వదిన. ఆ ఇంట్లో నా మాటకు దక్కిన విలువ అంతే.

గోడ తొలిచారు, చట్రం బిగించారు, ట్యాంకు దింపారు. ప్లంబరు నీళ్ళు పెట్టి పరీక్షించి, మళ్ళీ ఖాళీ చేసి, ట్యాంకు లోపలి చిన్న వాల్వును తెరిచే వదిలేసి, గది బయటున్న పెద్ద వాల్వు కట్టేశాడు. ట్యాంకు లోపల నీళ్ళ మీద తేలే బుడ్డ పాడైనా, మా కొండ నీళ్ళ తుప్పు పట్టి జల్లెడ మూసుకుపోయినా, గోడ పగలగొట్టక్కర్లేదట. ట్యాంకు ముందు పుస్తకమంత కన్నం వదులుతారు, అందులోంచి చెయ్యి పెట్టి లోపలి సామానంతా ఊడదీయొచ్చు. ఆ కన్నం మీదే చివర్న నొక్కే పలక బిగుస్తుంది. అప్పటిదాకా దుమ్ము పడకుండా కన్నంలో థర్మకోల్ దిమ్మ దూర్చాడు. ట్యాంకు మీద ఇనుప వల కట్టి మేస్త్రీ చేత పూత వేయించాడు. "ఈ కన్నం జోలికి ఎవురూ ఎల్లొద్దు. ఇదే దీని నోరు" అని మా ఆయనకు గట్టిగా చెప్పి, పలకలు వేశాక వస్తానని విశాఖ వెళ్ళిపోయాడు.

మా ఆయన ఆ మాట గుర్తు పెట్టుకున్నాడు. కాకపోతే ఎవరికీ చెప్పలేదు.

మా కుటుంబాల్లో కొత్తిల్లంటే బంధువుల ఆడవాళ్ళు ముందే దిగుతారు. ఎర్రమట్టి తెచ్చి గోడలు మెత్తడం, అరచేత్తో అద్దంలా నున్నగా చేయడం, తెల్లమట్టితో అంచులు తీర్చడం వాళ్ళ హక్కు. ఇంట్లో ఎక్కడా పగులుగానీ కన్నంగానీ మిగలకూడదు, మిగిలితే ఆ ఇంటి ఆడబంధువులకు నామర్దా. పెదబయలు నుంచి మా ఆయన పిన్నమ్మలు ముగ్గురు తట్టలో మట్టి పెట్టుకుని అపార్ట్‌మెంటుకు వచ్చారు. వచ్చి చూస్తే అన్నీ సిమెంటు గోడలు, రంగులు కూడా వేసేశారు. పాపం, చేతులు ఊరికే ఉంచుకోలేక గది గదీ వెతికారు. బాత్రూములో దొరికింది కన్నం.

నేను బడిలో ఉన్నాను. వదిన కింద వాటాలో నిద్రపోతోంది. పిన్నమ్మలు ముగ్గురూ పైకొంగు దోపుకుని, మేస్త్రీ వదిలిపోయిన సిమెంటు ఇసుకా కలిపి, బయటికి పొడుచుకొచ్చిన థర్మకోల్‌ను కత్తిపీటతో చక్కగా కోసేసి, దాని మీద వల ముక్క కప్పి, మెత్తేశారు. ఎంత బాగా మెత్తారంటే, మా మేస్త్రీ జన్మలో అంత నున్నగా చేయలేదు. మర్నాడు పలకల పనివాడు వచ్చాడు. అతనికి కనిపించింది సాఫీగా ఉన్న గోడ. కింద గిన్నె బోల్టులూ గొట్టం నోళ్ళూ పొడుచుకుని ఉన్నాయి కాబట్టి వాటి చుట్టూ కోసి, పైనంతా ముచ్చటగా పలకలు అంటించి వెళ్ళిపోయాడు.

మేము సామానుతో మధ్య అంతస్తులోకి దిగిపోయాక ప్లంబరు గిన్నె మోసుకుని వచ్చాడు. బోల్టులకు తగిలించి బిగించాడు. తర్వాత నొక్కే పలక చేత పట్టుకుని గోడకేసి చూశాడు. కిందకీ పైకీ చూశాడు.

"నోరేదండి?" అన్నాడు.

అప్పుడు జరిగిన రచ్చ నేను పూర్తిగా రాయలేను. ప్లంబరు మా ఆయన్ని, మా ఆయన పలకలవాడిని, పలకలవాడు ఆకాశాన్ని తిట్టారు. పిన్నమ్మలు మాత్రం ఏ మాత్రం తగ్గలేదు. "గోడకి కన్నముంటే పాములు రావేటి? మీకు సేసి పెట్టినందుకు ఇలగంటారేటి?" అని పెద్దావిడ ఎదురు తిరిగింది. బావగారు మెట్ల మీద నిలబడి, "నేల కమోడ్ అయితే ఈ గొడవుండేదా?" అని పదేపదే అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

కన్నం బోల్టులకు తిన్నగా పైనే ఉంటుందని ప్లంబరుకు తెలుసు. ఎంత పైన అన్నదే ప్రశ్న. కొలతలున్న కంపెనీ కాగితంతో పిన్నమ్మలు కట్టెల పొయ్యి వెలిగించేశారు. పలక మీద కొట్టి చూశాడు. ట్యాంకు ఉన్నంత మేరా వల మీద పూతే కాబట్టి అంతా డొల్లగానే మోగింది. "ఉజ్జాయింపుగా కోసేత్తాను. ఒకేళ రెండేళ్ళు అటూ ఇటూ అయ్యి బ్లేడు ట్యాంకుకి తగిలిందంటే, అది ప్లాస్టిక్కు, ఇంక పనికిరాదు. గోడంతా తీసి మొదట్నుంచీ ఎయ్యాల" అన్నాడు. ఈసారి గోడ తొలిచేందుకు బావగారు ఒప్పుకోరని అందరికీ తెలుసు.

వదిన అంతసేపూ గుమ్మం దగ్గర కర్ర మీద ఆనుకుని వింటోంది. కర్ర తిప్పి లోపలికి వెళ్ళింది. ఇనుప పెట్టె తాళం తీసిన చప్పుడు వినిపించింది. ముంచింగిపుట్టు ప్రయాణం కట్టేసిందనుకున్నాను.

తిరిగి వచ్చేటప్పటికి ఆవిడ చేతిలో చిన్న అల్యూమినియం బాకా ఉంది. గర్భిణుల కడుపు మీద ఆనించి బిడ్డ గుండె చప్పుడు వినే గొట్టం.

"ఆ టీవీ కట్టండి. ఎవురూ నోరెత్తకండి. ఒరే కాళ్ళు ముందొచ్చినోడా, లోపల వాల్వు తెరిసే ఉంచావా?"

"తెరిసే ఉందండి. బయటిదే కట్టేను."

"ట్యాంకులో నీళ్ళున్నాయా?"

"నేవండి. కాళీ."

"అయితే ఎల్లి బయటిది ఇప్పు. మెల్లిగా."

నీళ్ళు వదిలాడు. వదిన బాకా వెడల్పు మూతిని పలకకు ఆనించి, రెండో కొసకు చెవి పెట్టింది. కళ్ళు మూసుకుంది. పలక పలకకూ జరుపుకుంటూ పోతోంది. ఆ ముఖం నేనంతకు ముందు చూడలేదు. ఆ ముఖాన్ని చూసే కదా కొండల్లో ఎందరో ఆడవాళ్ళు ధైర్యం తెచ్చుకున్నారు అనిపించింది. పిన్నమ్మలు ముగ్గురూ ఏదో పురిటింట్లో ఉన్నట్టు చేతులు కట్టుకుని నిలబడ్డారు. బావగారు కూడా మెట్ల మీద చెప్పులు విడిచేశారు, ఎందుకో ఆయనకే తెలియదు.

"ఇది ఈపు" అంది ఒక చోట, కడుపులో బిడ్డ వీపు తగిలినట్టు. ఇంకాస్త పైకి జరిపింది. "ఇక్కడ కాదు... ఉండండి... ఇదిగో, ఇక్కడ బుసకొడతన్నాది. సుద్దముక్కియ్యవే గుంటా."

నీళ్ళు ట్యాంకులోకి దూకే మూతి అదేననీ, అది కన్నానికి లోపల పక్కనే ఉంటుందనీ ప్లంబరు చెప్పాడు. వదిన గీసిన సున్నా చూసి, దానికి పక్కగా చతురస్రం గీసి కోత మిషను పట్టుకున్నాడు. పలక దాకా తీసుకెళ్ళి మళ్ళీ వెనక్కి లాగాడు. "బయపడకురా. నిన్ను తియ్యడం కన్నా సులువే" అంది వెనకనుంచి. దుమ్ము లేచింది. పలక ముక్క ఊడి వచ్చింది. తర్వాత సిమెంటు పెచ్చు. దాని వెనక తెల్లగా థర్మకోల్ కనిపించగానే పిన్నమ్మల్లో చిన్నావిడ సంతోషం పట్టలేక, "తల కనిపించినాది!" అని కేకేసింది.

ఎవరమూ నవ్వు ఆపుకోలేకపోయాం. బావగారితో సహా.

దిమ్మ లాగేస్తే వెనక ట్యాంకు చెక్కుచెదరకుండా ఉంది. కోసినదాన్ని నొక్కే పలక కప్పేసింది, ఒక మూల మాత్రం గోడ పలక పగులు వేలెడంత బయటికి మిగిలిపోయింది. పెద్ద పిన్నమ్మ ఊరుకోలేదు. తట్టలో మిగిలిన తెల్లమట్టి తడిపి ఆ పగులు చుట్టూ మూడు చుక్కలూ ఒక వంకర గీతా తీర్చింది. తడి తగిలి చెరిగినప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి మళ్ళీ దిద్దుతుండేవారు. విశాఖ షాపు యజమాని బాత్రూముకు కూడా లేని సోకు అది.

గిన్నె వెనక సందులు పూడ్చిన సిమెంటు మసాలా ఆరేదాకా రెండు రోజులు ఎవరూ కూర్చోవద్దని ప్లంబరు చెప్పి వెళ్ళాడు. మూడో రోజు పొద్దున్నే వదిన లేచింది. కర్ర పట్టుకుని బాత్రూములోకి వెళ్ళింది. మా ఆయన అలవాటు కొద్దీ వెనకే వెళ్ళి తలుపు ఇవతల నిలబడ్డాడు, కేక వేస్తే రెక్క పట్టుకుని లేపడానికి చేతులు రెండూ సిద్ధంగా పెట్టుకుని. నేనూ రెండో పక్కన నిలబడ్డాను. ఇద్దరం రోజూ నిలబడినట్టే.

తలుపు మెల్లగా మూసుకుంది. లోపల గడియ పడింది.

మా ఆయన నా వంక చూశాడు. ఆ చేతులు ఏం చేసుకోవాలో తెలియక కాసేపు అలాగే ఉంచి, తర్వాత లుంగీకి తుడుచుకుని హాల్లోకి వెళ్ళి టీవీ పెట్టాడు. ఏం వస్తోందో చూడ్డం లేదు, తల తిప్పుకుని కిటికీకేసి చూస్తున్నాడు.

చాలాసేపటికి గోడలో నీళ్ళు దూకాయి. గడియ తీసిన చప్పుడయ్యింది. వదిన తనంతట తానే నడిచి వచ్చి, ముఖాలు అలా పెట్టుకుని ఉన్న మా ఇద్దరినీ చూసింది.

"ఏటలగ సూత్తన్నారు, ఎవురో పోయినట్టు? బేగి సెంబుడు నీల్లట్రా గుంటా, కడుపు నిండా తాగుతాను" అంది.